కువైట్‌లో ఫోనో పర్సో పోతే ఎవరితో ఏ మాట అనాలి

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అవతలి ఒడ్డున నరసాపురం. ఈ వైపు ఏ ఊరికెళ్ళినా కువైట్‌లో ఒకరైనా లేని వీధి అరుదు. ఇళ్ళల్లో పనికి ఇరవై నంబరు వీసా మీద వెళ్ళేవాళ్ళు, డ్రైవర్లుగా వెళ్ళేవాళ్ళు, కంపెనీల్లోకి పద్దెనిమిది మీద వెళ్ళేవాళ్ళు. వంటింటి అరబ్బీ రెండు నెలల్లో అందరికీ వచ్చేస్తుంది. నీళ్ళు తే, తలుపు తియ్, పిల్లాడు ఏడుస్తున్నాడు, ఇలాంటివి. కానీ శుక్రవారం బయటికెళ్ళినప్పుడు ఫోన్ పోతే ఆ అరబ్బీ పనికిరాదు. అక్కడ మాట్లాడాల్సింది మామాతో, అంటే ఇంటి యజమానురాలితో కాదు, ముక్కూమొహం తెలియని మనిషితో, కౌంటర్ దగ్గరున్న కుర్రాడితో, మఖ్ఫర్ అనే పోలీస్ స్టేషన్‌లో యూనిఫాం వేసుకున్నాయనతో.

ఇక్కడ రాసేవి కువైట్‌లో నడిచే మాటలు. మిగతా గల్ఫ్ దేశాలకి మార్చుకోవాల్సిన రెండు మూడు మాటలు చివర్లో చెప్తాను. పురుషుడితో, స్త్రీతో మాట్లాడేటప్పుడు మాట ఎక్కడ మారుతుందో అక్కడే రాశాను. అరబ్బీలో గొంతులోంచి వచ్చే అక్షరాలు కొన్ని తెలుగులో సరిగ్గా పడవు. మన ఉచ్చారణతో అన్నా అర్థమవుతుంది, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

ముందు నోటికి రావాల్సిన ఒక్క ముక్క

"దాఅ తలఫోనీ." నా ఫోన్ పోయింది.

మొదట్లో "దా" అని సాగదీసి, చివర గొంతులో చిన్న "అ" నొక్కాలి. చెప్పేది ఆడవాళ్ళైనా మగవాళ్ళైనా ఈ మాట మారదు. మారేది పోయిన వస్తువుని బట్టి. ఫోన్ అరబ్బీలో పుంలింగం కాబట్టి "దాఅ". పర్సు, హ్యాండ్ బ్యాగు, బతాకా అనే గుర్తింపు కార్డు, మూడూ స్త్రీలింగం కాబట్టి "దాఅత్".

"దాఅత్ మహ్ఫద్తీ." నా పర్సు పోయింది.
"దాఅత్ షంత్తీ." నా బ్యాగు పోయింది.
"దాఅత్ బతాక్తీ." నా బతాకా పోయింది.

"దాఅత్ తలఫోనీ" అని తప్పు పలికినా ఎవరూ తప్పు పట్టరు, అర్థం చేసుకుంటారు. మర్యాద మాత్రం ముందు తగిలించాలి. మగవాళ్ళతో "లౌ సమహ్త్", ఆడవాళ్ళతో "లౌ సమహ్తి". కొంచెం దయచేసి అన్నట్టు. ఈ ఒక్క మాట లేకుండా నేరుగా "తలఫోన్, తలఫోన్" అని చెయ్యి చాపితే, ఫోన్ అడుక్కుంటున్నారనో లాక్కుంటారనో అనుకుని పక్కకి తప్పుకునేవాళ్ళు ఉంటారు.

మొదటి పది నిమిషాలు: మీ నంబరుకి రింగ్ చేయించడం

ఫోన్ పోయిందని తెలియగానే పోలీసుల దగ్గరికి పరుగెత్తకండి. ముందు రింగ్ చేయించాలి. ఛార్జింగ్ అయిపోయినా, ఎవరైనా ఆఫ్ చేసినా ఆ దారి మూసుకుపోతుంది కాబట్టి ఈ పని మొదట.

ఇక్కడ చాలామంది అడిగే తీరు తేడాగా ఉంటుంది. "నీ ఫోన్ ఒకసారి ఇస్తావా" అంటే కొత్తవాళ్ళు ఇవ్వరు. మన దగ్గరైనా ఇవ్వం కదా. "ఈ నంబరుకి నువ్వే కొట్టవా" అని అడిగితే చాలామంది కాదనరు. ఫోన్ వాళ్ళ చేతిలోనే ఉంటుంది కాబట్టి భయం ఉండదు.

"లౌ సమహ్త్, దాఅ తలఫోనీ. ముమ్కిన్ తదిగ్ అలా హర్రగమ్?"
దయచేసి, నా ఫోన్ పోయింది. ఈ నంబరుకి రింగ్ చేస్తారా?

ఆడవాళ్ళని అడిగేటప్పుడు "తదిగ్" కాస్తా "తదిగ్గీన్" అవుతుంది. ఇలా అంటూ నంబరు రాసిన చీటీ చూపించాలి. చీటీ మీద కువైట్ నంబరే ఉండాలి, ఎనిమిది అంకెలది. ఓటీపీల కోసం, ఇంటి వాట్సాప్ కోసం ఇండియా సిమ్ కూడా వేసుకునేవాళ్ళు చాలామంది. +91తో మొదలయ్యే నంబరు చూపిస్తే అది అంతర్జాతీయ కాల్ అవుతుంది, ఎదుటి మనిషి వెనకాడతాడు.

చీటీ లేకపోతే అంకెలు చెప్పాల్సిందే. సిఫర్, వాహద్, ఇస్నేన్, సలాసా, అర్బా, ఖంసా, సిత్తా, సబా, సమానియా, తిసా. సున్నా నుంచి తొమ్మిది వరకు అంతే. మీ నంబరుని ఈ అంకెల్లోనే బట్టీ పట్టండి. తెలుగులో గుర్తు తెచ్చుకుని ఒక్కో అంకెనీ మార్చుకుంటూ చెప్పడం కంగారులో కుదరదు.

అవతల ఎవరైనా ఎత్తితే మాట్లాడమని ఫోన్ మీకే ఇస్తారు. అప్పుడు ఈ మూడు చాలు:

"హాదా తలఫోనీ." ఇది నా ఫోన్.
"ఇంత వేన్?" నువ్వెక్కడున్నావు?
"ఖల్లీహ్ ఇందక్, అల్‌హీన్ అజీ." నీ దగ్గరే ఉంచు, ఇప్పుడే వస్తాను.

వాళ్ళు చెప్పే చోటు మీకు అర్థం కాకపోతే, ఫోన్ ఇచ్చిన మనిషికే తిరిగి ఇచ్చి "లౌ సమహ్త్, ఇస్అలహ్, వేన్?" అనండి. ఎక్కడో అడగండి అని. ఇద్దరు అరబ్బీ వాళ్ళు రెండు ముక్కల్లో తేల్చేస్తారు.

రెండో కాల్ మామాకి

ఇళ్ళల్లో పని చేసేవాళ్ళకి ఇది ఫోన్ దొరకడం కన్నా ముఖ్యం. శుక్రవారం నాలుగింటికి వస్తానని చెప్పి వెళ్ళిన మనిషి ఆరైనా రాలేదు, ఫోన్ కలవడం లేదు. ఇంట్లో వాళ్ళకి ఏమనిపిస్తుంది? పారిపోయిందనిపిస్తుంది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, వెళ్ళి తగయ్యుబ్ అని ఫిర్యాదు రాయించాడంటే, అంటే చెప్పకుండా మాయమైందని, అకామాకే, అంటే అక్కడ ఉండే అనుమతికే, ఎసరు. తరవాత మీరు నిజం చెప్పినా దాన్ని విడిపించుకోవడం పెద్ద తలనొప్పి. అందుకని ఫోన్ దొరికినా దొరక్కపోయినా అదే మనిషిని బతిమాలి ఇంకో కాల్ చేయించుకోండి.

"మామా, దాఅ తలఫోనీ. అనా ఫీ ముబారకియ్యా. రాహ్ అత్అఖ్ఖర్ షువై."
మామా, నా ఫోన్ పోయింది. నేను ముబారకియ్యాలో ఉన్నాను. కొంచెం ఆలస్యమవుతుంది.

చోటు పేరు తప్పకుండా చెప్పాలి. చోటు చెప్పిన మనిషిని ఎవరూ పారిపోయిందనుకోరు. దీనికోసం మామా నంబరో, ఇంటి యజమాని బాబా నంబరో కాగితం మీద ఉండాలి. ఫోన్‌లో సేవ్ చేసుకుని ఉంటే అది ఫోన్‌తోనే పోయింది.

కొట్లో, కౌంటర్ దగ్గర

ఇక్కడ అరబ్బీ ఒక్కటే నమ్ముకోవద్దు. కువైట్‌లో కౌంటర్ వెనక నిలబడేది మలయాళీ కావచ్చు, బంగ్లాదేశీ, పాకిస్తానీ, ఈజిప్టు మనిషి, ఎవరైనా కావచ్చు. మనిషిని చూసి భాష ఎంచుకోవాలి. హిందీ అయితే "భాయ్, మేరా ఫోన్ యహా రహ్ గయా, దేఖా క్యా?" మలయాళీ అనిపిస్తే "చేట్టా, ఎన్టె ఫోణ్ కండో?" అంటే చాలు, మొహం వికసిస్తుంది. అరబ్బీ వాళ్ళైతే:

"నిసీత్ తలఫోనీ హినీ, గబల్ షువై." కాసేపటి క్రితం నా ఫోన్ ఇక్కడ మర్చిపోయాను.

"మర్చిపోయాను" అన్న మాట కొట్లో బాగా పనిచేస్తుంది. "పోయింది" అంటే ఎవరో తీశారన్న అనుమానం వాళ్ళ మీదకి పోతున్నట్టు వినిపించవచ్చు. మర్చిపోయాను అంటే తప్పు మన మీద వేసుకున్నట్టు, వాళ్ళు తేలిగ్గా వెతుకుతారు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. సఖినేటిపల్లి నుంచి వెళ్ళిన సత్యవతి అనే ఆవిడ, నలభై దగ్గర్లో ఉంటుంది. శుక్రవారం మాలియా బస్టాండులో దిగి, ముబారకియ్యా బజారుకి నడిచి, ఓ బట్టల కొట్లో కూతురికి గౌను బేరమాడింది. డబ్బులివ్వడానికి ఫోన్ బల్ల మీద పెట్టి పర్సు తీసింది. తరవాత రెండు కొట్లు దాటాక చూసుకుంటే చేతిలో ఫోన్ లేదు. వెనక్కి వచ్చింది. ఇందాకటి కుర్రాడు లేడు, వేరే ఆయన ఉన్నాడు.

"లౌ సమహ్త్, నిసీత్ తలఫోనీ హినీ, గబల్ షువై."
"షినూ లౌనా?"
"అజ్రగ్."
"షినూ నౌఆ?"
"సామ్సంగ్."
"లహ్జా."

ఆయన అడిగిన మొదటిది రంగేమిటని, రెండోది ఏ రకమని. చివరిది ఆగమని. ఫోన్ దొరికినవాళ్ళు వచ్చినవాళ్ళకల్లా ఇచ్చెయ్యరు, ఈ రెండు ప్రశ్నలూ దాదాపు అందరూ వేస్తారు. అందుకే రంగులు నేర్చుకోండి: అస్వద్ నలుపు, అబ్యద్ తెలుపు, అజ్రగ్ నీలం, అహ్మర్ ఎరుపు, అఖ్దర్ ఆకుపచ్చ. చెప్పాల్సింది కవర్ రంగు, ఫోన్ రంగు కాదు. పైకి కనిపించేది అదే. ఇంకా నమ్మకం కుదరకపోతే లాక్ తియ్యమంటారు, లేదా తెర మీద ఎవరి ఫొటో ఉందో అడుగుతారు. "సూరత్ బింతీ" అంటే మా అమ్మాయి ఫొటో, "సూరత్ వలదీ" అంటే మా అబ్బాయి ఫొటో.

మాట్లాడటం కన్నా కష్టం వాళ్ళు చెప్పింది అర్థం చేసుకోవడం. మనం బట్టీ పట్టిన వాక్యం గడగడా అనేస్తాం, అవతలివాళ్ళు మనకి అరబ్బీ వచ్చనుకుని అంతకు రెట్టింపు వేగంతో జవాబిస్తారు. అందులో ఈ ముక్కల కోసం చెవి పెట్టండి. "మాకూ" అంటే లేదు. "మా షిఫ్నా" అంటే మేం చూడలేదు. "తఆలీ" అంటే రా, ఆడవాళ్ళతో అనేది, మగవాళ్ళతో "తఆల్". "బాచిర్" అంటే రేపు. "రూహీ అల్‌మఖ్ఫర్" అంటే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళు. వేగం తట్టుకోలేకపోతే "షువై షువై, మా ఆరిఫ్ అరబీ జేన్" అనండి. మెల్లగా చెప్పండి, నాకు అరబ్బీ బాగా రాదు అని. హిందీ తెలిసినవాళ్ళు ఉన్నారేమో అడగాలంటే "అకూ అహద్ యత్కల్లమ్ హిందీ?"

కొట్లో కెమెరా ఉంటే చూపించమని అడగబుద్ధేస్తుంది. "ముమ్కిన్ తషూఫ్ అల్‌కామెరా?" అని అడగండి, తప్పు లేదు. వాళ్ళే చూసి చెప్తారేమో కానీ మీకు చూపించకపోవచ్చు. "లాజిమ్ షుర్తా" అంటే పోలీసులు కావాలని. అక్కడ వాదించకండి. కొట్టు పేరున్న బిల్లు దాచుకుంటే మఖ్ఫర్‌లో అది పనికొస్తుంది.

దొరక్కపోతే స్నేహితురాలి నంబరు కాగితం మీద రాసి ఇచ్చి రండి. "ఇదా లగేతూహ్, దిగ్ అలా హర్రగమ్." దొరికితే ఈ నంబరుకి కొట్టండి.

పోయిందా, దొంగిలించారా: మఖ్ఫర్‌లో

కువైట్‌లో పోలీస్ స్టేషన్‌ని మఖ్ఫర్ అంటారు. "వేన్ అల్‌మఖ్ఫర్?" అంటే ఎవరైనా దారి చెప్తారు. అత్యవసర నంబరు 112, కానీ అది ప్రాణం మీదకి వచ్చినప్పుడు వాడేది. పర్సు పోయినందుకు మఖ్ఫర్‌కి నడిచి వెళ్ళడమే పద్ధతి.

లోపల మీరు అనబోయే మొదటి మాటని బట్టి తరవాతి దారి మారుతుంది. "దాఅ" అంటే పోయింది. "ఇన్‌సరగ్" అంటే దొంగతనం జరిగింది. ఎక్కడో మర్చిపోయారని తెలిసి కూడా, అలా అంటే గట్టిగా వెతుకుతారని కొందరు "ఇన్‌సరగ్" అనమని సలహా ఇస్తారు. అది పాడు సలహా. దొంగతనం అనగానే ఎవరి మీద అనుమానం, ఎవరు చూశారు, ఎక్కడ నిలబడ్డావు అన్న ప్రశ్నలు మొదలవుతాయి. అది కేసు. లేని దొంగని మీరు చూపించలేరు, మాట మారిస్తే మీ మీదకే వస్తుంది. ఎవరో లాక్కోవడమో, జేబులోంచి తీయడమో మీ కళ్ళతో చూస్తేనే ఆ మాట వాడండి. తెలియకపోతే "మా అద్రీ" అనండి, తెలియదని. అది అబద్ధం కాదు, పనీ చెడదు.

కావాల్సింది అడిగే మాటలు రెండు:

"అబీ అసజ్జిల్ బలాగ్, దాఅత్ మహ్ఫద్తీ." ఫిర్యాదు రాయించుకోవాలి, నా పర్సు పోయింది.
"అబీ ఇస్బాత్ హాలా." ఇలా జరిగిందని రుజువుగా కాగితం కావాలి.

ఆ ఇస్బాత్ హాలా కాగితమే మీ చేతిలో మిగిలేది. పర్సులో పాస్‌పోర్టు కూడా పోయి ఉంటే, ఎంబసీకి వెళ్ళినప్పుడు పోలీసు కాగితం అడుగుతారు.

ఆఫీసర్ అడిగేవి దాదాపు ఒకే వరసలో ఉంటాయి. "షిస్మిచ్?" నీ పేరేమిటి, మగవాళ్ళనైతే "షిస్మక్?" "వేన్ దాఅ?" ఎక్కడ పోయింది. "మితా?" ఎప్పుడు. "కఫీలిచ్ మిను?" నీ కఫీల్ ఎవరు. తరవాత బతాకా నంబరు. ఇది పన్నెండు అంకెలు. గుర్తుండదని భయపడతారు కానీ, అందులో ఏడు అంకెలు మీకు ముందే తెలుసు. మొదటిది 2, అంటే 1900ల్లో పుట్టినవాళ్ళు. 2000 నుంచి పుట్టినవాళ్ళకి 3. తరవాతి ఆరు మీ పుట్టినరోజే, సంవత్సరం, నెల, తేదీ వరసలో. 1986 ఆగస్టు 14న పుట్టిన మనిషి నంబరు 2860814తో మొదలవుతుంది. మిగిలిన ఐదు అంకెలు బట్టీ పడితే చాలు. పాస్‌పోర్టులో పుట్టిన తేదీ ఒకటి, మనం ఇంట్లో చెప్పుకునేది ఇంకోటి అయితే, పాస్‌పోర్టులో ఉన్నదే లెక్క.

పర్సులో ఏముందో అడిగితే "ఫీహా బతాకా, ఫులూస్, సువర్" అనవచ్చు. అందులో బతాకా, డబ్బులు, ఫొటోలు ఉన్నాయని. డబ్బు ఎంతో కచ్చితంగా తెలియకపోతే "తగ్రీబన్" అని ముందు పెట్టండి. "తగ్రీబన్ ఇష్రీన్ దీనార్" అంటే సుమారు ఇరవై దీనార్లు.

ఆయన కంప్యూటర్‌లో అరబ్బీలో కొట్టి, ప్రింటు తీసి, సంతకం పెట్టమని తోస్తాడు. అక్కడ తొందరపడొద్దు. "షినూ మక్తూబ్ హినీ?" అని అడగండి, ఇక్కడ ఏం రాసి ఉందని. చదివి వినిపిస్తే అందులో "దాఅ" వినిపిస్తోందా, "సరగా" లాంటిదేమైనా వినిపిస్తోందా చూసుకోండి. అసలేమీ అర్థం కాకపోతే "అబీ ముతర్జిమ్, లౌ సమహ్త్" అని దుబాసీని అడగొచ్చు. దొరక్కపోతే మీ కఫీల్‌నో, అరబ్బీ బాగా వచ్చిన మన ఊరి డ్రైవర్‌నో రప్పించుకునే దాకా ఆగడం మంచిది. పని అయ్యాక "అబీ నుస్ఖా" అని ఒక నకలు అడిగి తీసుకోండి.

బతాకా ఫోన్ కవర్‌లో పెట్టుకునేవాళ్ళకి

చాలామందికి ఈ అలవాటు ఉంది. కవర్ వెనక బతాకా, దాని వెనక ఐదు దీనార్ల నోటు. ఫోన్‌తో పాటు అదీ పోతుంది, ఫోన్‌లో ఉన్న మొబైల్ ఐడీ యాప్ కూడా పోతుంది. అంటే మీరెవరో చెప్పే రుజువు రెండు రకాలుగానూ లేకుండా పోయింది. దారిలో చెకింగ్ ఆపి "బతాకా?" అన్నారంటే తడబడకుండా ఇది అనాలి:

"బతాక్తీ దాఅత్. హాదీ వరగత్ అల్‌మఖ్ఫర్." నా బతాకా పోయింది. ఇది మఖ్ఫర్ కాగితం.

ఆ కాగితం బతాకాకి బదులు కాదు. కాబట్టి మఖ్ఫర్ నుంచి నేరుగా ఇంటికి వెళ్ళిపోండి, మిగతా షాపింగ్ తరవాత. కొత్త బతాకా పని ఇంటి పనివాళ్ళ విషయంలో కఫీల్ ద్వారా నడుస్తుంది కాబట్టి బాబాకి ఆ రోజే చెప్పాలి. బ్యాంకు కార్డు పోతే మామా ఫోన్ నుంచి బ్యాంకుకి కొట్టి ఆపించండి, అక్కడ హిందీ, ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు దొరుకుతారు. ఇంటికి కూడా కబురు పెట్టండి. మీ వాట్సాప్ ఎవరి చేతిలోనో ఉన్నప్పుడు "అర్జెంటుగా డబ్బు పంపండి" అని మెసేజ్ వస్తే నమ్మొద్దని.

విమానం ఎక్కే ముందు ఇంట్లో రాసుకోవాల్సిన చీటీ

అర చేతిలో పట్టే అట్టముక్క చాలు. రెండు రాయండి, ఒకటి పర్సులో కాకుండా సంచి లోపలి జేబులో పెట్టుకోండి. దాని మీద ముందు పక్క మీ పాస్‌పోర్టు నంబరు, ఇంటి నంబరు +91తో సహా, ఫోన్ ఐఎంఈఐ నంబరు. ఐఎంఈఐ కోసం ఫోన్‌లో *#06# కొడితే తెర మీద వస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్‌లో రెండు నంబర్లు వస్తాయి, రెండూ రాసుకోండి. వెనక పక్క ఖాళీ వదలండి. కువైట్‌లో దిగాక మీ అక్కడి నంబరు, మామా నంబరు, బతాకా నంబరు, ఇంటి బ్లాకు, వీధి నంబర్లు అక్కడ నింపాలి. ఆ ఇంట్లో చదువుకునే పిల్లలుంటే, "దాఅ తలఫోనీ, దిగ్ అలా హర్రగమ్" అన్నది అరబ్బీ లిపిలో రాయించుకోండి. నోట మాట రానప్పుడు చీటీ చూపిస్తే సరిపోతుంది.

వెళ్ళేది దుబాయో, దోహావో, మస్కట్టో అయితే పైవాటిలో కొన్ని మారతాయి. మఖ్ఫర్ బదులు "మర్కజ్ అష్షుర్తా" అనండి. "అకూ", "మాకూ" కువైట్ మాటలు. మిగతాచోట్ల "ఫీ", "మా ఫీ" అంటే అందరికీ తెలుసు. బతాకా అన్నచోట దుబాయ్‌లో "హవియ్యా" అంటారు. అత్యవసర నంబరు యూఏఈలో, ఖతర్‌లో, బహ్రెయిన్‌లో 999. ఒమన్‌లో 9999. "దాఅ తలఫోనీ" మాత్రం ఎక్కడైనా అదే.